రెండు దారుల్లో నడిచిన మొత్తం

మార్చి నెలాఖరు రాత్రి. విజయవాడలో మందులు హోల్‌సేల్‌గా అమ్మే ఒక దుకాణం, దాని వెనక గదిలో లెక్కల పుస్తకాలు. అప్పటికి ఆ వీధిలో ఎవరికీ కంప్యూటర్ లేదు. నేను బి.కాం. ముగించి కొత్తగా చేరిన చిన్న గుమాస్తాను. ట్రయల్ బ్యాలెన్స్ తీశాను. డెబిట్ల మొత్తం, క్రెడిట్ల మొత్తం పైసాతో సహా కలిశాయి. పని అయిపోయిందనుకుని చెప్పులు వేసుకోబోతున్నాను.

పెద్ద గుమాస్తా గారు ఆ కాగితం తీసుకుని ఒకే ఒక్క వరుస మీద వేలు పెట్టారు. బాకీదారులు: 5,41,100 రూపాయలు.

"ఈ ఐదు లక్షల నలభై ఒక్క వేలూ ఎవరెవరు ఇవ్వాలో పేరు పేరునా రాసుకురావోయ్," అన్నారు.

నూట నలభై దాకా మెడికల్ షాపుల ఖాతాలున్నాయి. ఒక్కో పేజీ తిప్పుతూ నిల్వలు రాసి కూడాను. 5,23,890 వచ్చింది. మళ్లీ కూడాను, అంతే వచ్చింది. తేడా 17,210. ట్రయల్ బ్యాలెన్స్ మాత్రం ఎదురుగా కలిసే ఉంది.

డెబిట్, క్రెడిట్ కలిస్తే లెక్క సరిగ్గా ఉన్నట్టేనని కాలేజీలో చదువుకున్నవాణ్ని. ఆ రాత్రి ఆ నమ్మకం పోయింది. దాని స్థానంలో ఏం నేర్చుకున్నానో చెప్పడానికే ఈ అధ్యాయం.

లూకా పాచోలీ 1494లో వెనిస్‌లో అచ్చు వేయించిన గణిత గ్రంథంలో జంటపద్దు విధానాన్ని వివరించాడు. ఆయన చెప్పిన పద్ధతిలో ప్రతి మనిషికీ ఉన్న ఖాతా అసలు లెడ్జర్‌లోనే ఉంటుంది. బాకీదారులు పది మందో ఇరవై మందో అయితే దానితో ఇబ్బంది లేదు. నూట నలభై మంది అయ్యేసరికి ఒక్క పుస్తకం చాలదు, ఒక్క మనిషి రాయలేడు. అందుకని కొనేవాళ్ల ఖాతాలన్నీ ఒక పుస్తకంలోకి, మనకు సరుకు పోసే కంపెనీల ఖాతాలన్నీ మరో పుస్తకంలోకి విడదీశారు. వీటినే సహాయక లెడ్జర్లు అంటారు. అసలు లెడ్జర్‌లో ఆ నూట నలభై ఖాతాలకు బదులు ఒకే ఒక్క ఖాతా మిగిలింది. అదే డెటార్స్ కంట్రోల్ ఖాతా, బాకీదారులందరి మొత్తం. అవతలి పుస్తకానికి అలాంటిదే క్రెడిటర్స్ కంట్రోల్ ఖాతా, మనం ఇవ్వవలసిన వాళ్లందరి మొత్తం.

వీటికి విలువ ఎక్కడినుంచి వస్తుందో తెలియాలంటే ఒక బిల్లు వెంట నడవాలి. ఒక మెడికల్ షాపుకు 5,670 రూపాయల సరుకు అరువు మీద పంపాం. ఆ బిల్లు ముందు అమ్మకాల పుస్తకంలో ఒక వరుసగా పడుతుంది. అక్కడినుంచి దానికి రెండు దారులు. ఒకటి: లెడ్జర్ రాసే గుమాస్తా ఆ 5,670ని ఆ షాపు ఖాతాలో డెబిట్ చేస్తాడు, ఆ రోజో మర్నాడో. రెండోది: నెలాఖరున అమ్మకాల పుస్తకంలో ఉన్న వరుసలన్నీ కూడి, ఆ మొత్తాన్ని ఒకే పద్దుగా కంట్రోల్ ఖాతాలో డెబిట్ చేస్తారు, అమ్మకాల ఖాతాలో క్రెడిట్ చేస్తారు. మన బిల్లు ఆ పెద్ద అంకెలో కలిసిపోయి వెళుతుంది. వసూళ్లు నగదు పుస్తకం నుంచి, వాపసు వచ్చిన సరుకు వాపసుల పుస్తకం నుంచి, రాని బాకీల కొట్టివేతలు జర్నల్ నుంచి ఇలాగే రెండు దారుల్లో వెళతాయి. విడివిడిగా ఒక దారిలో, మొత్తంగా ఇంకో దారిలో.

రెండు దారులూ చివర ఒకే చోట కలవాలి. విడి నిల్వలన్నీ కూడితే కంట్రోల్ ఖాతా నిల్వ రావాలి. రాకపోతే రెండు దారులూ చీలిన తరవాత ఎక్కడో ఏదో జారిందన్నమాట. ఆ 'చీలిన తరవాత' అన్న మాటను గుర్తుపెట్టుకోండి, మళ్లీ దానిదగ్గరికి వస్తాను.

మరి నా ట్రయల్ బ్యాలెన్స్ ఎందుకు కలిసింది? ట్రయల్ బ్యాలెన్స్‌లోకి వెళ్లేది కంట్రోల్ ఖాతా ఒక్కటే. విడి ఖాతాలు దాని వివరణ కోసం ఉంచుకున్న పుస్తకం. అందులో ఎంత తప్పు రాసినా ట్రయల్ బ్యాలెన్స్‌కు తగలదు. ఇక అమ్మకాల పుస్తకం కూడికలో తప్పు చేస్తే, ఆ తప్పు మొత్తమే కంట్రోల్ ఖాతాలో డెబిట్టుగానూ అమ్మకాల్లో క్రెడిట్టుగానూ పడుతుంది. రెండు వైపులా సమానంగా తప్పు, కనుక కలుస్తుంది. అంటే జాబితా రాయకపోతే ఆ తప్పులు ఎవరికీ కనిపించవు.

ఆ నెల కంట్రోల్ ఖాతా ఇలా ఉంది. పాత కాగితం నా దగ్గర లేదు, చూపడానికి వీలుగా అంకెలు సర్ది రాస్తున్నాను.

నెల మొదట బాకీలు 4,86,300
అరువు అమ్మకాలు 7,42,650
తిరిగొచ్చిన చెక్కు 18,000
ఇవి కలిపితే 12,46,950

వసూళ్లు 6,58,200
ఇచ్చిన డిస్కౌంటు 9,450
వాపసు వచ్చిన సరుకు 31,700
కొట్టేసిన రాని బాకీ 6,500
ఇవి కలిపితే 7,05,850

నిల్వ 5,41,100

నగదు అమ్మకాలు ఇందులో లేవు, అవి బాకీ కావు గనక. సంశయాత్మక బాకీల కోసం పక్కన పెట్టే ఏర్పాటు కూడా ఇందులో రాదు. ఏ షాపు ఖాతాలోనూ దాన్ని తగ్గించం కదా. ఈ రెంటినీ కంట్రోల్ ఖాతాలో పెట్టేసి తేడా వచ్చిందని తల పట్టుకున్న కుర్రాళ్లను తరవాత చాలామందిని చూశాను.

17,210 కోసం నేను మొదట చేసిన పని, లెడ్జర్ మొదటి పేజీ నుంచి ప్రతి పద్దుకూ టిక్ పెట్టుకుంటూ పోవడం. పెద్ద గుమాస్తా గారు ఆపారు. వందల పద్దులున్న వైపు చివరికి వెళ్లాలి, కొద్ది పద్దులున్న వైపు ముందు వెళ్లాలి అని ఆయన పద్ధతి. కంట్రోల్ ఖాతాలో ఉన్నవి ఏడే వరుసలు. ముందు వాటిని చూడాలి. ఆ తరవాత జాబితా కూడిక, జాబితాలో ఏ ఖాతా అయినా వదిలేశామా అన్నది, ముందుగా డబ్బు కట్టిన షాపుల క్రెడిట్ నిల్వలను తీసేయడానికి బదులు కలిపేశామా అన్నది. ఆ తరవాతే విడి పద్దులు.

అయితే ఆయన అన్నిటికన్నా ముందు అవతలి పుస్తకం తీయించారు. బాకీదారుల తేడాకు, మనం బాకీ ఉన్నవాళ్ల పుస్తకానికి ఏమిటి సంబంధం అని నాకు అర్థం కాలేదు. క్రెడిటర్స్ కంట్రోల్ ఖాతాలో నెల మొదటి నిల్వ 3,92,500, అరువు కొనుగోళ్లు 5,81,400. అందులోంచి చెల్లింపులు 5,47,800, పొందిన డిస్కౌంటు 7,300, మనం వాపసు పంపిన సరుకు 14,600 తీసేస్తే నిల్వ 4,04,200. ముప్ఫై కంపెనీల జాబితా అరగంటలో అయింది. మొత్తం 3,92,200. తేడా సరిగ్గా 12,000.

ఆ గుండ్రటి అంకె చూసి ఆయన ముఖం విప్పారింది. చేతి పొరపాటు అంత గుండ్రంగా అరుదుగా ఉంటుంది, ఇది ఒకే ఒక్క లావాదేవీ అయ్యుంటుంది అన్నారు. ముప్ఫై ఖాతాల్లో 12,000 డెబిట్ కోసం వెతికితే ఒకచోట దొరికింది. ఆ పార్టీ మనకు దూది, బ్యాండేజీలు అమ్ముతాడు, మన దగ్గర మందులు కొంటాడు. మనకు ఇవ్వవలసింది, మనం ఇవ్వవలసింది 12,000 మేరకు ఒకదానికొకటి చెల్లు వేసుకున్నారు. లెడ్జర్ గుమాస్తా రెండు పుస్తకాల్లోనూ ఆ పార్టీ ఖాతాలను సర్దాడు. జర్నల్‌లో మాత్రం పద్దు వేయలేదు. జర్నల్‌లో లేదు గనక రెండు కంట్రోల్ ఖాతాలకూ ఆ సంగతి తెలియదు. ఇలాంటి చెల్లును లెక్కల్లో కాంట్రా అంటారు. రెండు కంట్రోల్ ఖాతాల్లోనూ నిల్వలు ఒకే మొత్తం మేరకు ఎక్కువగా ఉంటే మొదట అనుమానించవలసింది దీన్నే.

జర్నల్ పద్దు పడ్డాక క్రెడిటర్స్ తేడా పోయింది. బాకీదారుల కంట్రోల్ నిల్వ 5,29,100కి దిగింది. తేడా 5,210.

ఇప్పుడు ఏడు వరుసల వంతు. వసూళ్లు, డిస్కౌంటు నగదు పుస్తకంతో సరిపోయాయి. అమ్మకాల పుస్తకం కూడికలు మళ్లీ వేయమన్నారు. ప్రతి పేజీలోనూ కూడిక సరిగ్గానే ఉంది. తప్పు పేజీలో లేదు, పేజీకీ పేజీకీ మధ్య ఉంది. ఒక పేజీ అడుగున మొత్తం 3,18,450 అని ఉంది. పేజీ తిప్పి పైన 3,28,450 అని రాశారు. పదివేలు గాలిలోంచి వచ్చాయి. పేజీ తిప్పే ఆ ఒక్క క్షణంలో జరిగే తప్పు ఇది. అందుకే పాత గుమాస్తాలు కింది అంకెను పైకి రాశాక పేజీ వెనక్కి తిప్పి మరోసారి చదివేవాళ్లు.

ఈ తప్పు ప్రభావం చూడండి. ఏ షాపు ఖాతాలోనూ పదివేలు ఎక్కువ పడలేదు, బిల్లులన్నీ విడివిడిగా సరిగ్గానే ఎక్కాయి. కానీ దుకాణం అమ్మకాలు, దానితో పాటు ఆ ఏటి లాభం, పదివేలు ఎక్కువ కనిపిస్తున్నాయి. లేని లాభం మీద పన్ను కట్టవలసి వచ్చేది. 12,000 కాంట్రా సంగతి వేరు. అది సర్దకపోతే రావలసినదీ ఇవ్వవలసినదీ సమానంగా ఉబ్బుతాయి, లాభానికి మాత్రం ఏమీ కాదు. తప్పు ఎంత పెద్దది అని కాక ఎక్కడ పడింది అని ఎందుకు అడగాలో నాకు అప్పుడే అర్థమైంది.

కంట్రోల్ నిల్వ 5,19,100 అయింది. జాబితా 5,23,890 దగ్గరే ఉంది. నేను ఉలిక్కిపడ్డాను. ఇంతసేపూ కంట్రోల్ ఎక్కువ, జాబితా తక్కువ. ఇప్పుడు తలకిందులై జాబితాయే 4,790 ఎక్కువ. దిద్దుతూ తప్పు చేశామా అనిపించింది. ఏ తప్పూ చేయలేదు. రెండు వైపులా తప్పులుంటే అవి ఒకదాన్నొకటి కొంత కప్పేస్తాయి. మొదటి 17,210లో 22,000 ఒకవైపు లాగుతుంటే 4,790 అటువైపు లాగుతూ ఉంది. తేడా చిన్నదిగా ఉంది గదా అని వదిలేయకూడదనడానికి కారణం ఇదే. ఐదు రూపాయల తేడా వెనక యాభై వేలవి రెండు తప్పులు ఎదురెదురుగా నిలబడి ఉండవచ్చు.

ఇక కంట్రోల్ వైపు వరుసలన్నీ సరిచూశాం. మిగిలింది విడి ఖాతాలు. అక్కడ కూడా నేను పేజీ వెంట పేజీ పోలేదు. పద్దులను రకాలవారీగా తీయమన్నారు. వాపసులు నెలకు పాతిక మించవు, ముందు అవి. అన్ని ఖాతాల్లోనూ వాపసుల కింద క్రెడిట్ పడినవి ఏరి కూడితే 29,350. వాపసుల పుస్తకం మొత్తం 31,700. తక్కువైంది 2,350. ఆ అంకె గల వాపసు కాగితం పట్టుకుని ఆ షాపు పేజీ తీస్తే, 2,350 ఉంది, కానీ డెబిట్ వైపు! సరుకు తిరిగిచ్చినందుకు బాకీ తగ్గవలసింది పోయి పెరిగింది. తగ్గనందుకు 2,350, పెరిగినందుకు ఇంకో 2,350, మొత్తం 4,700 ఎక్కువ. రెండో వైపు పడిన పద్దు ఎప్పుడూ తేడాను రెట్టింపు చేస్తుంది. అందుకే తేడా దొరకనప్పుడు దాన్ని సగం చేసి ఆ సగానికి సరిపోయే పద్దు కోసం వెతకమంటారు. మా 4,790లో సగం 2,395. అలాంటి పద్దే లేదు, ఎందుకంటే ఇంకో తప్పు అందులో కలిసి ఉంది. ఒక్క తప్పే మిగిలినప్పుడు తప్ప ఈ చిట్కాలు సూటిగా పనిచేయవు.

ఇప్పుడు ఒక్కటే మిగిలింది. 90 రూపాయలు.

90 తొమ్మిదితో భాగించబడుతుంది. పక్కపక్కన ఉన్న రెండు అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదితో నిశ్శేషంగా పోతుంది. ఎందుకో కష్టం కాదు. పదుల స్థానంలో ఉన్న అంకె ఒకట్లలోకి దిగితే తనకు తొమ్మిది రెట్లు పోగొట్టుకుంటుంది, ఒకట్లలోది పదుల్లోకి ఎక్కితే తనకు తొమ్మిది రెట్లు సంపాదించుకుంటుంది. వందలకూ పదులకూ అయితే ఆ తొమ్మిది కాస్తా తొంభై అవుతుంది. కనుక భాగఫలం మనకు చోటు కూడా చూపిస్తుంది. 90ని 9తో భాగిస్తే 10. ఆ సున్నా చెబుతున్నది తారుమారు జరిగింది వందల, పదుల స్థానాల మధ్య అని. ఆ ఒకటి చెబుతున్నది ఆ రెండు అంకెలకూ తేడా ఒకటి అని. లెడ్జర్‌లో ఎక్కువ పడింది గనక, తప్పు డెబిట్ పద్దులో అయితే అక్కడ వందల స్థానంలో పెద్ద అంకె ఉండాలి. 10, 21, 32, 43, 54, 65, 76... వందలు, పదులు ఇలా ఉన్న డెబిట్ పద్దుల మీద ముందు కన్ను పరిగెత్తించాం. పావుగంటలో దొరికింది. 5,760 అని ఉంది. బిల్లు 5,670.

తొమ్మిదితో పోయిందంటే తారుమారే అని మాత్రం ఒట్టు పెట్టుకోనక్కర్లేదు. ఒక సున్నా తగ్గించి రాసినా తేడా తొమ్మిదితో పోతుంది. 400ను 40గా రాస్తే తేడా 360. తొంభై రూపాయల పద్దునే ఎక్కించకపోయినా అంతే. ఈ సూచన మనం ముందు వెతకవలసిన చోటు చెబుతుంది, అంతవరకే.

జాబితా 5,19,100. కంట్రోల్ 5,19,100. అప్పటికి రాత్రి పదకొండు దాటింది.

ఆ సంతోషంలో ఉండగానే పెద్ద గుమాస్తా గారు ఇంకో ప్రశ్న వేశారు. "ఇప్పుడు పుస్తకాల్లో తప్పే లేదంటావా?"

'చీలిన తరవాత' అన్న మాట ఇప్పుడు కావాలి. రెండు దారులూ చీలకముందే తప్పు జరిగితే ఆ తప్పు రెండు దారుల్లోనూ సమానంగా ప్రయాణిస్తుంది. బిల్లు రాసి అమ్మకాల పుస్తకంలో ఎక్కించడమే మరిచిపోతే అది షాపు ఖాతాకూ పోదు, మొత్తానికీ పోదు. బిల్లు 5,670 అయితే పుస్తకంలోనే 5,760 అని ఎక్కితే రెండు చోట్లా 5,760 పడుతుంది. రెండూ కలుస్తాయి, రెండూ తప్పు. ఇంకో రకం, ఒక షాపు బిల్లు వేరే షాపు ఖాతాలో ఎక్కడం. మన ఊళ్లలో వేంకటేశ్వర పేరుతో, లక్ష్మి పేరుతో ఎన్ని మందుల షాపులుంటాయో లెక్కలేదు. ఒకరి బాకీ ఇంకొకరి మీద పడినా మొత్తం మారదు. కంట్రోల్ ఖాతాకు మొత్తమే తెలుసు, మనుషులు తెలియదు.

ఈ తప్పులను పట్టేది బయటి మనిషి కాగితం. మన కంపెనీలు నెలనెలా పంపే స్టేట్‌మెంటు వాళ్ల పుస్తకాల్లోంచి వస్తుంది, మన గుమాస్తా చేయి దాని మీద పడదు. దాన్ని మన క్రెడిటర్స్ లెడ్జర్‌లో ఆ కంపెనీ ఖాతాతో వరుసవారీగా పోల్చితే మనం ఎక్కించని బిల్లు బయటపడుతుంది. బాకీదారుల వైపు ఇదే పని మనం పంపే స్టేట్‌మెంటు చేస్తుంది. తనది కాని బాకీ కనబడితే ఏ షాపువాడైనా మర్నాడే వచ్చి అడుగుతాడు. తన బాకీ తగ్గి కనబడితే మాత్రం రాకపోవచ్చు. అందుకే ఈ వైపు పరీక్ష కొంచెం కుంటిది.

ఇప్పుడు ఆ వెనక గదులు పోయాయి, అందరి దగ్గరా టాలీ ఉంది. అందులో సండ్రీ డెటార్స్ అనేది ఒక గ్రూపు. దాని కింద ఉన్న ఖాతాల నిల్వలను ప్రోగ్రామే కూడి మొత్తంగా చూపుతుంది. ఇక మొత్తానికీ జాబితాకూ తేడా రావడం అసాధ్యం. పేజీ తిప్పేటప్పుడు పదివేలు పుట్టడం, కూడికలో జారడం నిజంగానే పోయాయి, అది మంచిదే. కానీ ఒకే పద్దు నుంచి రెండూ వస్తున్నాయి గనక అవి కలవడం మనకు కొత్తగా ఏమీ చెప్పదు. ఎక్కించేటప్పుడు 5,670 బదులు 5,760 కొడితే మొత్తం, జాబితా, లాభం అన్నీ ఒద్దికగా ఆ తప్పునే చూపిస్తాయి. చేతిరాత పుస్తకాల్లో చీలిన తరవాత జరిగిన తప్పులు ఇప్పుడు చీలకముందుకు జరిగాయి. వాటిని పట్టే శక్తి ప్రోగ్రామ్ లోపలి మొత్తానికి లేదు.

కొనుగోళ్ల వైపు ఇప్పుడు ఒక మంచి సాక్షి ఉంది. అమ్మినవాళ్లు దాఖలు చేసిన బిల్లుల నుంచి ప్రతి నెలా తయారయ్యే జీఎస్టీఆర్-2బి, 2020 నుంచి అందుబాటులో ఉంది. అందులోని అంకెలు మన చేతితో రాసినవి కావు. చాలామంది దాన్ని పన్ను జమ కోసమే చూస్తారు. ఈ నెల దాన్ని మీ క్రెడిటర్స్ ఖాతాల పక్కన పెట్టి బిల్లు బిల్లుకూ చూడండి. అలాగే బాకీదారులకు స్టేట్‌మెంట్లు పంపండి, సరే అన్న జవాబు రాతలో తెప్పించుకోండి.